డెవలపర్‌కు రాసే మొదటి మెయిల్: జాబితా పంపాలా, లింకులు పంపాలా, కస్టమర్ కొనే తీరు రాయాలా?

కొత్త వెబ్‌సైట్ కావాలని షాపు యజమానులు నాకు రాసే మొదటి మెయిళ్లు మూడు రకాలుగా ఉంటాయి. మొదటి రకంలో కావలసినవన్నీ వరుసగా జాబితా వేసి ఉంటాయి: కార్ట్, పేమెంట్, సెర్చ్, రివ్యూలు, ఆఫర్ల బ్యానర్. రెండో రకంలో రెండు మూడు సైట్ల లింకులు ఇచ్చి "మాకూ అచ్చం ఇలాగే కావాలి" అని ఉంటుంది. మూడో రకం అరుదుగా వస్తుంది. కస్టమర్ సైట్ తెరిచినప్పటి నుంచి సరుకు చేతికి అందేదాకా ఏం జరగాలో, ఈలోపు షాపులో ఎవరు ఏం చేస్తారో మామూలు మాటల్లో రాసి ఉంటుంది.

ఈ మూడింటిలో ఏది రాస్తే ఎలాంటి సైట్ తయారవుతుందో ఒకే ఉదాహరణతో చూద్దాం. చెప్పులు, బూట్లు అమ్మే ఒక షాపు అనుకోండి. అరవై మోడళ్లు ఉన్నాయి. ఒక్కో మోడల్ రెండు రంగుల్లో, ఒక్కో రంగు ఏడు సైజుల్లో దొరుకుతుంది. రోజంతా కౌంటర్ మీద అమ్మకం నడుస్తుంది. ఇప్పుడు అదే సరుకును సైట్‌లోనూ అమ్మాలి. చూడటానికి చిన్న షాపే అయినా లెక్క వేస్తే 840 రకాల జతలు, ప్రతిదానికీ విడిగా స్టాక్. ఈ షాపు కష్టమంతా ఈ 840 దగ్గరే ఉంది. మెయిల్ ఎంత బాగా రాశారన్నది ఈ విషయం అందులోకి వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టే తెలుస్తుంది.

జాబితా రాస్తే

జాబితాలో ఈ సంగతి ఒకే వాక్యంలో ఉంటుంది: "సైజు ఎంచుకునే సౌకర్యం ఉండాలి, స్టాక్ కనిపించాలి." డెవలపర్ అది చదివి సైజులు ఎంచుకునే గడి పెడతాడు. ప్రతి సైజు పక్కన ఒక అంకె వేసుకునే వీలు ఇస్తాడు. అంకె సున్నా అయితే "స్టాక్ లేదు" అని చూపిస్తాడు. అడిగింది అడిగినట్టే చేశాడు, జాబితాలో ఆ వాక్యానికి టిక్కు పడింది.

సైట్ మొదలైన వారంలోనే తేడా బయటపడుతుంది. ఉదయం కౌంటర్ మీద ఎనిమిదో సైజు నల్లజత ఆఖరిది అమ్ముడుపోయింది. ఆ సంగతి సైట్‌కు తెలియదు. మధ్యాహ్నం ఎవరో అదే జతకు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టారు. ఇప్పుడు ఆ కస్టమర్‌కు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాలి, డబ్బు వెనక్కి పంపాలి. డెవలపర్‌ను అడిగితే "మీరు స్టాక్ చూపించమన్నారు, చూపించాను కదండీ" అంటాడు. అతను చెప్పేది నిజమే. ఆ అంకెను ఎవరు తగ్గించాలి, ఎప్పుడు తగ్గించాలి అన్నది జాబితాలో లేదు.

జాబితాతో ఇంకో చిక్కు కూడా ఉంది. అందులో అన్నీ ఒకే ఎత్తులో కనిపిస్తాయి. "రివ్యూలు" అన్న మాటా "స్టాక్" అన్న మాటా ఒక్కో లైనే. మొదటిది లేకపోయినా షాపు నడుస్తుంది, రెండోది తప్పితే రోజూ కస్టమర్లతో గొడవే. డెవలపర్‌కు మీ షాపు తెలియదు కాబట్టి రెండింటికీ సమానంగా సమయం కేటాయిస్తాడు.

అయినా జాబితా పనికొచ్చే సందర్భాలు రెండున్నాయి. Shopify, WooCommerce లాంటి రెడీమేడ్ వేదిక మీదే సైట్ పెట్టాలని ముందే నిర్ణయించుకున్నారనుకోండి. అప్పుడు ఏవి అందులో సిద్ధంగా ఉన్నాయి, ఏవి విడిగా చేయించాలి అని సరిచూసుకోవడానికి జాబితాయే సులువు. ఇద్దరు ముగ్గురు డెవలపర్ల దగ్గర ధరలు అడిగేటప్పుడు కూడా అంతే. అందరికీ ఒకే జాబితా పంపితేనే వాళ్లు చెప్పే ధరలను పక్కపక్కన పెట్టి పోల్చగలం.

లింకులు పంపితే

"ఈ సైట్ లాగా కావాలి" అని లింకు ఇస్తే డెవలపర్ కంటికి కనిపించేదాన్నే చూడగలడు. ఆ సైట్ వెనుక గోదాము ఎలా నడుస్తుందో, ఎంతమంది ఫోటోలు తీస్తున్నారో, స్టాక్ ఎవరు సరిచూస్తున్నారో లింకులో కనిపించదు. అందుకే స్టాక్ విషయంలో లింకులు ఏమీ చెప్పవు.

పైగా పెద్ద సైట్లకు పనికొచ్చేది చిన్న సైట్‌కు అడ్డు కావచ్చు. వేల మోడళ్లున్న చోట ఎడమ పక్కన పన్నెండు రకాల ఫిల్టర్లు ఉంటాయి, అక్కడ అవి అవసరం. అరవై మోడళ్ల షాపులో కస్టమర్ రంగు, సైజు, రకం అని మూడు ఫిల్టర్లు నొక్కేసరికి ఒకటో రెండో మిగులుతాయి. ఒక్కోసారి ఏమీ మిగలదు, ఖాళీ పేజీ చూసి వెళ్లిపోతాడు. ఇంత చిన్న షాపుకు సైజు ఫిల్టర్ ఒక్కటి సరిగ్గా పనిచేస్తే చాలు. తన సైజులో ఉన్న జతలన్నీ ఒకే పేజీలో కనిపించాలి, అంతే.

అయితే రూపం గురించి చెప్పాలంటే మాత్రం లింకులను మించిన సాధనం లేదు. "మోడర్న్‌గా ఉండాలి, అట్రాక్టివ్‌గా ఉండాలి" అని రాస్తే మీ మనసులో ఒక బొమ్మ ఉంటుంది, డెవలపర్ మనసులో ఇంకో బొమ్మ ఉంటుంది. డిజైన్ చేసి చూపించాక గానీ అవి రెండూ వేరని తెలియదు. లింకు ఇస్తే ఆ గొడవ ఉండదు. కాకపోతే ప్రతి లింకుతో పాటు అందులో నచ్చినది ఒకటి, నచ్చనిది ఒకటి రాయాలి. ఉదాహరణకు ఇలా:

"మొదటి లింకులో ఫోటో పెద్దగా ఉండి, పేరూ ధరా దాని కిందే ఉన్నాయి. అది మాకు నచ్చింది. కానీ పేజీ తెరవగానే పైన కదిలే బ్యానర్లు వస్తున్నాయి, అవి వద్దు. రెండో లింకులో రంగులు నచ్చలేదు, కానీ సైజుల పట్టిక చూపించిన తీరు బాగుంది. మా కస్టమర్లలో పెద్దవయసు వాళ్లు ఎక్కువ. లేత బూడిద రంగు అక్షరాలు వాడొద్దు, తెల్లటి పేజీ మీద నల్లటి అక్షరాలే కావాలి."

ఈ చివరి మాటలు డెవలపర్‌కు చాలా విలువైనవి. అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాల్లో ఒక కొలత ఉంది. మీరు ఆ అంకె రాయనక్కర్లేదు. ఎవరు చదువుతారో రాస్తే డెవలపర్ ఆ కొలత పట్టుకుని రంగులు ఎంచుకుంటాడు.

రూపం గురించి చాలామంది గమనించని సంగతి ఫోటోలు. మీకు నచ్చిన సైట్ అందంలో సగం అక్కడి ఫోటోలదే. ప్రతి జతా ఒకే వైపు తిరిగి, ఒకే వెలుగులో, వెనుక ఏమీ లేకుండా ఉంటుంది. అదే డిజైన్‌లో షాపు అరల ముందు నిలబడి ఫోన్‌తో తీసిన ఫోటోలు పెడితే ఆ అందం రాదు. అప్పుడు యజమానికి డిజైన్ బాగోలేదనిపిస్తుంది, డెవలపర్‌కు ఎక్కడ తప్పు జరిగిందో అర్థం కాదు. అందుకే మొదటి మెయిల్‌లోనే మీ దగ్గర నిజంగా ఉన్న ఫోటోలు ఐదు జతచేయండి. బాగున్నవి ఏరి పంపొద్దు, మామూలుగా ఎలా తీస్తారో అవే పంపండి. ఇకముందు ఫోటోలు ఎవరు తీస్తారో కూడా రాయండి.

ఫోన్‌తో తీసిన ఒక్కో ఫోటో మూడు నాలుగు ఎంబీ ఉండటం మామూలే. అలాంటివి ఇరవై ఒకే పేజీలో ఉంటే అరవై ఎంబీలు దాటుతుంది, ఫోన్‌లో చూసే కస్టమర్ అంతసేపు ఆగడు. దీనికి మెయిల్‌లో ఒక్క వాక్యం చాలు: "మా అబ్బాయి ఫోన్‌లో తీసిన ఫోటోను అలాగే ఎక్కిస్తాడు, దాన్ని చిన్నది చేసుకునే పని సైటే చేయాలి." ఈ వాక్యం లేకపోతే డెవలపర్ తాను చిన్నవి చేసిన ఫోటోలతో సైట్ చూపిస్తాడు. ఆరోజు సైట్ వేగంగానే ఉంటుంది. మూడు నెలల తర్వాత మీరు ఎక్కించిన కొత్త మోడళ్లతో నెమ్మదిస్తుంది.

కొనే తీరు రాస్తే

మూడో పద్ధతికి కాస్త ఓపిక కావాలి. ఒక పూట కౌంటర్ దగ్గర కూర్చుని, నిజంగా జరిగేది చూసి రాయాలి. మన చెప్పుల షాపు యజమాని రాస్తే ఇలా ఉంటుంది:

"నమస్తే అండీ. మా దగ్గర అరవై మోడళ్లు ఉన్నాయి. ఒక్కో సైజులో ఒకటి నుంచి మూడు జతలే ఉంచుతాం. రోజుకు కౌంటర్ మీద నలభై జతల దాకా అమ్ముడవుతాయి. సైట్‌లో మొదట్లో రోజుకు నాలుగైదు ఆర్డర్లు వస్తాయని అనుకుంటున్నాం. కౌంటర్ మీద బిల్లు కంప్యూటర్‌లో వేస్తాం, స్టాక్ అందులోనే తగ్గుతుంది. రాత్రి షాపు కట్టేటప్పుడు ఆ స్టాక్ పట్టికను ఫైల్‌గా తీయగలం. నమూనా జతచేశాను.

సైట్‌కు వచ్చే కస్టమర్ ఎక్కువగా ఫోన్‌లోనే చూస్తాడు. ముందు తన సైజు ఎంచుకోవాలి, ఆ సైజులో ఉన్నవి మాత్రమే కనిపించాలి. నచ్చినది నొక్కితే మూడు ఫోటోలు, ధర కనిపించాలి. ఆర్డర్ రాగానే కౌంటర్ దగ్గరున్న ఫోన్‌కు కబురు రావాలి. మా మనిషి ఆ జతను అరలోంచి తీసి పక్కన పెడతాడు. ఒకవేళ అది అప్పుడే అమ్ముడైపోతే ఏం చేయాలో మాకు తెలియడం లేదు, మీరే ఒక మార్గం చెప్పండి.

కస్టమర్ డబ్బు కట్టాక అతని ఫోన్ ఆగిపోయినా ఆర్డర్ మాకు కనిపించాలి. సైజు సరిపోక వెనక్కి పంపితే, మేం జతను చూసి బాగుందనుకున్నాకే అది మళ్లీ స్టాక్‌లో కలవాలి."

జతచేసిన నమూనాలో రెండు లైన్లు ఇలా ఉన్నాయనుకోండి:

```
RN12-BLK-08, 1
RN12-BLK-09, 3
```

మోడల్, రంగు, సైజు, ఎన్ని జతలు. ఈ రెండు లైన్లు చూస్తే డెవలపర్‌కు చాలా తెలుస్తుంది. ప్రతి జతకూ విడి కోడ్ ఉంది, సైట్‌లో కూడా అదే కోడ్ వాడితే చాలు. కోడ్ లేకుండా "నల్ల బూటు, పెద్దది" అని రాసుకునే షాపు అయితే సైట్ కంటే ముందు కోడ్‌లు వేసే పని ఉంటుంది. అది యజమాని వైపు పని. ఆ సంగతి మొదటి వారంలోనే తెలియడం మంచిది.

ఈ మెయిల్‌లోని అంకెలే స్టాక్ చిక్కుకు దారి చూపిస్తాయి. డెవలపర్ ముందు మూడు మార్గాలు ఉంటాయి. మొదటిది బిల్లు వేసే సాఫ్ట్‌వేర్‌నూ సైట్‌నూ నేరుగా కలపడం. కౌంటర్ మీద బిల్లు పడగానే సైట్‌లో అంకె తగ్గుతుంది. అన్నింటికంటే బాగా పనిచేసేది ఇదే, కానీ ఆ సాఫ్ట్‌వేర్ బయటి సైట్‌తో కలిసేందుకు వీలివ్వాలి. అన్నీ ఇవ్వవు. రెండోది రాత్రి తీసిన ఫైల్‌ను సైట్‌లోకి ఎక్కించడం. తేలికే, కానీ మర్నాడు పగలంతా సైట్‌లో ఉండేది నిన్నటి లెక్క. ఒక్కో సైజులో యాభై జతలుండే షాపుకు అది చాలు. ఒకటి నుంచి మూడు జతలుండే షాపులో, రోజుకు నలభై జతలు కౌంటర్ మీదే పోతుంటే, ఆ లెక్క తరచూ తప్పుతుంది. మూడోది ఆర్డర్‌ను ముందు అభ్యర్థనగా తీసుకుని, షాపు మనిషి జత చేతిలోకి తీసుకున్నాక పేమెంట్ లింకు పంపడం. ఇందులో లేని సరుకుకు డబ్బు తీసుకోవడం ఉండదు. కానీ రాత్రి పదకొండింటికి చూసిన కస్టమర్ ఉదయం దాకా ఆగాలి, కొందరు ఆగరు.

ఈ షాపుకు నేనైతే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వీలిస్తే మొదటిదే చేస్తాను. వీలివ్వకపోతే రెండో మార్గాన్ని, మూడో మార్గాన్ని కలుపుతాను. రాత్రి ఫైల్ ఎక్కించి, రెండు లేదా మూడు జతలున్న సైజులకు నేరుగా డబ్బు తీసుకోవడం, ఒకే జత మిగిలినవాటికి "షాపులో చూసి చెబుతాం" అని చూపించడం. పై నమూనాలో తొమ్మిదో సైజు నేరుగా కొనొచ్చు, ఎనిమిదో సైజుకు అడిగి కొనాలి. తప్పు పూర్తిగా పోదు, ఒకే పగటిలో మూడు జతలూ కౌంటర్ మీద పోవచ్చు. కానీ అది అప్పుడప్పుడు జరిగేదవుతుంది, రోజూ జరిగేది కాదు. "ఒకటి నుంచి మూడు జతలు", "రోజుకు నలభై" అన్న రెండు మాటలు మెయిల్‌లో లేకపోతే ఈ ఆలోచన నాకు వచ్చేదే కాదు.

పేమెంట్ గురించి రాసిన వాక్యమూ అంతే. కొన్ని సైట్లలో డబ్బు కట్టిన కస్టమర్ తిరిగి సైట్ పేజీకి వచ్చినప్పుడే ఆర్డర్ నమోదవుతుంది. అతను మధ్యలో ఫోన్ మూసేస్తే డబ్బు పోయింది, ఆర్డర్ లేదు. పేమెంట్ సంస్థ సర్వర్ నుంచి సైట్‌కు నేరుగా కబురు వచ్చేలా చేస్తే ఈ బాధ ఉండదు. దానికి డెవలపర్లు వాడే పేరు వెబ్‌హుక్. ఆ పేరు మీకు తెలియనక్కర్లేదు, "ఫోన్ ఆగిపోయినా" అన్న మాటే ఆ పని చేయిస్తుంది. సైట్ చేతికొచ్చాక పరీక్షించడమూ సులువు. చిన్న మొత్తం కట్టి, కట్టగానే పేజీ మూసేసి, ఆర్డర్ మీకు కనిపించిందో లేదో చూడండి.

ఈ పద్ధతికీ లోటు ఉంది. రాసేవాళ్లు అంతా సవ్యంగా జరిగే దారినే రాస్తారు. సరుకు అయిపోతే, వెనక్కి వస్తే, చిరునామా తప్పైతే అన్నవి మర్చిపోతారు. పోయిన నెలలో కౌంటర్ దగ్గర వచ్చిన గొడవలు రెండు మూడు గుర్తు తెచ్చుకుని, సైట్‌లో అదే వస్తే ఏం జరగాలో రాయండి. తెలియకపోతే పై మెయిల్‌లో లాగా తెలియదనే రాయండి. డెవలపర్‌కు ఆ ఖాళీ కనిపించడమే కావాలి. ఇక రూపం గురించి ఈ పద్ధతి ఏమీ చెప్పదు, దానికి లింకులే.

మీకు ఏది

కౌంటర్ ఉండి, అదే సరుకు సైట్‌లో కూడా అమ్మబోతుంటే సందేహం అక్కర్లేదు, కొనే తీరే రాయండి. దాని కింద రూపం కోసం రెండు లింకులు, ఐదు ఫోటోలు పెట్టండి. జాబితా చివర్లో రానివ్వండి. అది కూడా "మొదటి రోజే కావాలి", "తర్వాత చూద్దాం" అని రెండు ముక్కలుగా ఉండాలి. మొదటి ముక్కలో అయిదారుకు మించి ఉంటే మళ్లీ ఒకసారి చూసుకోండి.

సైట్‌లో అమ్మకం లేకుండా షాపు వివరాలు, మోడళ్ల ఫోటోలు, ఫోన్ నంబరు మాత్రమే పెట్టాలనుకుంటే లింకులూ ఫోటోలే ముఖ్యం, కొనే తీరు ఒక పేరాలో అయిపోతుంది. రెడీమేడ్ వేదిక ముందే ఎంచుకున్నవాళ్లు జాబితాతో మొదలుపెట్టొచ్చు. అయినా స్టాక్ పేరా మాత్రం రాయాల్సిందే, ఎందుకంటే కౌంటర్ బిల్లు సంగతి ఆ వేదికకూ దానంతట అది తెలియదు.

పాత సైట్ తీసేసి కొత్తది పెట్టేవాళ్లు ఇంకో జాబితా కూడా పంపాలి: పాత సైట్‌లో జనం ఎక్కువగా తెరిచే పేజీల చిరునామాలు. కొత్త సైట్‌లో ఆ పేజీలు ఎక్కడికి మారాయో 301 అనే దారిమళ్లింపుతో చెప్పకపోతే, సెర్చ్‌లో ఇన్నేళ్లు వచ్చిన కస్టమర్లకు "పేజీ లేదు" అని కనిపిస్తుంది.

ఏ పద్ధతిలో రాసినా డొమైన్ గురించి, అంటే మీ సైట్ చిరునామా గురించి, ఒక వాక్యం తప్పకుండా ఉండాలి: "డొమైన్ మా పేరు మీద, మా మెయిల్ ఐడీతోనే రిజిస్టర్ కావాలి. అన్ని లాగిన్‌లూ మాకు ఇవ్వాలి." నా దగ్గరికి వచ్చిన ఒక యజమాని డొమైన్ పాత డెవలపర్ పేరు మీద ఉంది. ఆ డెవలపర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. గడువు తీరే ముందు పంపే హెచ్చరికలన్నీ అతని మెయిల్‌కే వెళ్లాయి. చివరికి ఆ పేరు చేజారింది. బోర్డు మీద, బిల్లుల మీద, సంచుల మీద అచ్చయిన చిరునామా అది. ఆ యజమాని ముఖం నాకింకా గుర్తుంది. కొత్త మెయిల్‌లో ఆ వాక్యం ఆయనతో అన్నింటికంటే పైన రాయించాను.

మెయిల్ పంపాక వచ్చే జవాబును జాగ్రత్తగా చదవండి. "అన్నీ అయిపోతాయండీ, ఇంత అవుతుంది, ఫలానా తేదీకి ఇస్తాం" అని వెంటనే వచ్చిందంటే, డెవలపర్ మీ మెయిల్‌లో మాటలను చూశాడు తప్ప మీ షాపును చూడలేదని అనుమానించాలి. "మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పేరేమిటి? వెనక్కి వచ్చిన జతను ఎవరు చూస్తారు? కౌంటర్ దగ్గర మనిషి లేని రోజు ఆర్డర్ కబురు ఎవరికి వెళ్లాలి?" అని వస్తే, ధర చెప్పడానికి ఇంకో రెండు రోజులు పట్టినా పరవాలేదు, ఆ ప్రశ్నలకు జవాబులు అదే మెయిల్ కింద రాసి పంపండి. రేపు ఏదైనా తేడా వస్తే ఇద్దరూ తెరిచి చూసుకునేది ఆ ఒక్క మెయిలే.